స్ట్రాంగ్ రూమ్ తాళం జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పోలేం

ప్రశ్న: అక్కా, నమస్తే. నాకు 41 ఏళ్లు. అనంతపురంలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ గోల్డ్ లోన్ బ్రాంచిలో అసిస్టెంట్ మేనేజర్‌ని. మేనేజర్ కాక మేం అయిదుగురం. నా భార్యకు రొమ్ము క్యాన్సర్ అని తేలి బెంగళూరులో ఆపరేషన్ అయింది. ఇక 21 రోజులకోసారి, మొత్తం 8 కీమోలు. మొదటిది జూన్ 18, గురువారం. నాకు ఎర్న్‌డ్ లీవులు 22, క్యాజువల్ 7, సిక్ 10 ఉన్నాయి. ఒకేసారి పెట్టే సెలవు కాదు, మధ్య మధ్యలో కావాలి. స్ట్రాంగ్ రూమ్ రెండు తాళాల్లో ఒకటి నా దగ్గరుంటుంది. నెలాఖరు క్లోజింగ్ కూడా నేనే చేస్తా. ఆపరేషన్ అప్పుడు నా తాళం మేనేజర్ దగ్గర పెట్టి, నా ఐడీ, పాస్‌వర్డ్ కౌంటర్లోని సీనియర్ అమ్మాయికి ఇచ్చి పని నడిపించాను. అప్పటి నుంచి ఆమె నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మేనేజర్ మాత్రం "ఎప్పుడు కావాలంటే అప్పుడు పోప్పా, చూసుకుందాం" అంటాడు. అది చాలా? జబ్బు సంగతి ఆఫీసులో అందరికీ తెలియడం నా భార్యకు ఇష్టం లేదు. సెలవు ఎలా అడగాలి?

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ పాస్‌వర్డ్ ఈరోజే మార్చండి. సెలవు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఎందుకంత తొందరంటే, ఆ తప్పు నేనూ చేశాను. మా ఆయనకు వారానికి రెండు డయాలసిస్‌లు నడుస్తున్న రోజులవి. అప్పుడు కడపలో ఒక ప్రైవేటు కంపెనీలో క్యాష్ సెక్షన్ చూసేదాన్ని. డయాలసిస్ అంటే మిషన్ మీద నాలుగు గంటలు, ముందూ వెనకా కలుపుకుంటే ఒక పూట పూర్తిగా పోతుంది. ఆ పూట నా ఐడీతో పని చేయమని ఒక కుర్రాడికి చెప్పాను. బుద్ధిమంతుడే. ఒకరోజు హడావుడిలో ఒక వోచర్ రెండుసార్లు ఎక్కించాడు. ముప్ఫై ఎనిమిది వేలు తేడా. సిస్టమ్‌లో ఉన్నది నా పేరు, ఆ టైముకు నేనున్నది ఆసుపత్రిలో. మెమో వచ్చింది. డబ్బు లెక్క నాలుగు రోజుల్లో తేలింది గానీ, "మీరు లేనప్పుడు మీ ఐడీ ఎలా పని చేసింది" అన్న ప్రశ్నకు మూడు నెలలు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ కుర్రాడికీ నాకూ మాటల్లేకుండా పోయాయి.

మీ కౌంటర్ అమ్మాయి అలా ఉండటానికి కారణం పని ఎక్కువైందనే అనుకుంటున్నట్టున్నారు. నాకలా అనిపించడం లేదు. మీ ఐడీతో లోన్లు అప్రూవ్ చేసింది ఆమె. రేపు ఆడిట్‌లో ఏదైనా బయటపడితే ఇరుక్కునేదీ ఆమే. ఒకరు ఎంట్రీ చేస్తే ఇంకొకరు అప్రూవ్ చేయాలని పెట్టిన సిస్టమ్‌లో, మీ మాట కాదనలేక ఆమె రెండు పనులూ ఒక్కతే చేసింది. తాళం సంగతి ఇంతకన్నా ఘోరం. రెండు తాళాలు పెట్టిందే ఒక్క మనిషి లోపలికి పోకూడదని. మీరు మీది మేనేజర్‌కు ఇచ్చి వెళ్లిన రోజుల్లో ఆ గది ఒంటి తాళం గదే. మీ మేనేజర్ మంచివాడే కావచ్చు. ఆ రోజుల్లో ఒక్క ప్యాకెట్ తేడా వచ్చి ఉంటే ఇద్దరి ఉద్యోగాలూ పోయేవి.

అందుకే "ఎప్పుడు కావాలంటే అప్పుడు పో" అన్న మాట మీకు చాలదు. మీ దగ్గర ఉన్నది పని ఒక్కటే కాదు, అధికారం కూడా. పనిని నోటిమాటతో పక్కవాళ్లకు ఇవ్వొచ్చు. తాళాన్ని, అప్రూవల్‌ని అలా ఇవ్వలేరు, దానికి రీజినల్ ఆఫీసు ఆర్డర్ కావాలి. పైగా ఫైనాన్స్ కంపెనీల్లో మేనేజర్లకు బదిలీలు మామూలే కదా. ఈయన ఆగస్టులో ఏ నంద్యాలకో, ప్రొద్దుటూరుకో పోతే కొత్తగా వచ్చినాయనకు ఆ నోటిమాట ఎవరు చెబుతారు?

చట్టం విషయం రెండు ముక్కల్లో చెప్తాను. ప్రైవేటు ఉద్యోగికి భార్య చికిత్స కోసమని విడిగా సెలవిచ్చే చట్టం మనకు లేదు. ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం, 1988 ప్రకారం ఏడాదికి 15 రోజులు జీతంతో సెలవు, 12 క్యాజువల్, 12 సిక్ వస్తాయి. మొదటి రకాన్ని 60 రోజుల దాకా దాచుకోవచ్చు, మీ 22 అలా పోగైనవే. సిక్ లీవు మీకు ఒంట్లో బాగాలేనప్పుడు వాడుకునేది, ఆమెకు బాగాలేనప్పుడు కాదు. తెలిసిన డాక్టర్ దగ్గర మీ పేరుతో జ్వరం సర్టిఫికెట్ రాయించుకోమని సలహా ఇచ్చేవాళ్లు ఆఫీసుకొకరు ఉంటారు. వినకండి. ఆ రోజు మీరు బెంగళూరులో ఉన్నట్టు అందరికీ తెలుస్తుంది. పైగా ఈ ఆరు నెలల్లో మీరు నిజంగానే జబ్బు పడితే ఆ 10 రోజులే దిక్కు. కాబట్టి మీరు హక్కుగా అడుగుతున్నది ఏమీ లేదు, ఒక ఏర్పాటు అడుగుతున్నారు. అడిగేది ఎంత స్పష్టంగా ఉంటే ఒప్పుకోవడం వాళ్లకు అంత సులువు.

స్పష్టంగా అడగాలంటే ముందు క్యాలెండర్ ముందేసుకోవాలి. మీరు తేదీ ఇచ్చారు కాబట్టి నేనే వేసి చూశాను. జూన్ 18, జూలై 9, జూలై 30, ఆగస్టు 20, సెప్టెంబర్ 10, అక్టోబర్ 1, అక్టోబర్ 22, నవంబర్ 12. అన్నీ గురువారాలే.

ఒక్కో కీమోకు బుధవారం మధ్యాహ్నం బయలుదేరాలి, గురువారం మందు ఎక్కించడం, శుక్రవారం తిరుగు ప్రయాణం. తెల్లకణాలు పెరగడానికి ఇంజెక్షన్ రాస్తే అది కీమో అయిన 24 గంటలకు గానీ వేయరు, కాబట్టి శుక్రవారం ఎలాగూ కావాలి. అంటే రెండున్నర రోజులు. ఎనిమిదింటికి 20 రోజులు. ఇవి ముందే తెలిసిన రోజులు, వీటితో పెద్ద చిక్కు లేదు.

అసలు చిక్కు ఆ తర్వాతి వారంలో ఉంది. కీమో ఎక్కాక రక్తంలో తెల్లకణాలు పడిపోతాయి. చాలా మందికి ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో బాగా కిందికి పోయి, మళ్లీ కోలుకుంటాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం కనబడిందంటే ఒక డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవడానికి లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూడు వారాల్లో అలాంటి జ్వరం ఒక్కసారీ రాకపోవచ్చు. వస్తే మాత్రం ఉదయం పదకొండుకు ఫోన్ మోగుతుంది, పదకొండుంపావుకు మీరు ఆటోలో ఉండాలి.

ఇప్పుడు తాళం సంగతి చూడండి. పదకొండుకు స్ట్రాంగ్ రూమ్ తాళం మీ జేబులో ఉంది. కౌంటర్ దగ్గర ఒక రైతు డబ్బు మొత్తం కట్టేసి, కూతురి పెళ్లికి నగ విడిపించుకోవాలని కూర్చున్నాడు. తాళం ఎవరికి ఇస్తారు? మేనేజర్‌కు ఇస్తే పాత తప్పే. వెంట తీసుకుపోతే ఆ రైతు నగ లోపలే ఉండిపోతుంది. అంటే కీమో రోజులే కాదు, ఆ బలహీనపు వారంలో కూడా మీరు డ్యూటీలో ఉన్నా తాళం మీ దగ్గర ఉండకూడదు.

లెక్క ఇంకొంచెం ముందుకు తీసుకెళ్దాం. జూన్ 17 మధ్యాహ్నం తాళం వేరేవాళ్లకు అప్పగించారు. పద్నాలుగో రోజు జూలై 1. జూలై 2న తాళం మళ్లీ తీసుకుంటారు. జూలై 8 మధ్యాహ్నం మళ్లీ బెంగళూరు బండి. మధ్యలో తాళం మీ దగ్గర ఉండేది ఆరు రోజులు, అందులో ఒకటి ఆదివారం. ఈ కాస్త కోసం ప్రతిసారీ రిజిస్టర్లో తేదీ, టైము రాసి, ఇద్దరూ సంతకాలు పెట్టి, ప్యాకెట్ల సంఖ్య సిస్టమ్‌తో సరిచూసుకుని అప్పగింత చేయాలి. ఎనిమిది కీమోలకు పదహారు అప్పగింతలు. ఒక్కదానిలో సంతకం మరిచిపోయినా ఆడిట్ రిమార్కే.

కాబట్టి నవంబర్ నెలాఖరు దాకా తాళం ఒక్కసారే అప్పగించేయండి. ఈ మాట మీకు రుచించదని తెలుసు. బ్రాంచిలో తాళం ఉన్నవాడికున్న మర్యాద వేరు, అది పోతే మళ్లీ రాదేమోనన్న భయమూ ఉంటుంది. ఆ భయానికి మందు మెయిల్లో తిరిగొచ్చే తేదీ రాయించుకోవడం.

నెలాఖరుదీ ఇదే కథ. ఈ క్యాలెండర్లో నన్ను ఆశ్చర్యపరిచింది అదే. జూన్ 30 మొదటి బలహీనపు వారంలో పడింది. జూలై 31 కీమో మర్నాడు. ఆగస్టు 31 మళ్లీ బలహీనపు వారం. సెప్టెంబర్ 30 మీరు బయలుదేరే రోజు, అదీ అర్ధ సంవత్సరం క్లోజింగ్. అక్టోబర్ 31 మళ్లీ బలహీనపు వారం. అయిదు నెలాఖరుల్లో ఒక్కటి కూడా మీ చేతిలో లేదు. "ఈసారికి నువ్వు చూడు, వచ్చే నెల నేను చూసుకుంటా" అని కౌంటర్ అమ్మాయితో అనబోతున్నారేమో. ఆ వచ్చే నెల డిసెంబర్ దాకా రాదు. ఇలా నెలనెలా అడుగుతూ పోతే మూడో నెలకు మీ మాటకు విలువ ఉండదు. ఇప్పుడే ఒక్కసారి క్లోజింగ్ మొత్తం ఆమెకు నేర్పి, ఆమె ఐడీకే ఆ అధికారం ఇప్పించండి.

తాళం కూడా ఆమెకే రావాలని నా ఉద్దేశం. మీ అయిదుగురిలో ఒకరు అప్రైజర్ అయి ఉంటారు. నగను గీటురాయి మీద గీసి, తూకం వేసి విలువ కట్టిన మనిషి చేతికే దాన్ని దాచే తాళం ఇవ్వకూడదు. వసూళ్లకు తిరిగే కుర్రాడు ఆఫీసులో ఉండడు. మిగిలింది కౌంటరే. ఆమె తాళం తీసుకుంటే పగటిపూట క్యాష్ కౌంటర్ ఇంకొకరు చూడాలి, లేకపోతే మళ్లీ అన్నీ ఒక్క మనిషి దగ్గరే చేరతాయి. ఇదీ రీజినల్ ఆఫీసుకు ముందే చెప్పాల్సిన విషయం.

మరి మీకేం మిగులుతుంది? గడియారంతో సంబంధం లేని పనులన్నీ మీరు తీసుకోండి. వడ్డీ కట్టనివాళ్లకు ఫోన్లు, గడువు దాటిన లోన్లకు వేలం నోటీసులు, చిరునామా మారినవాళ్ల కేవైసీ, ఆడిట్‌కు ప్యాకెట్ల జాబితా. వీటిని మంగళవారం చేయకపోతే బుధవారం చేసుకోవచ్చు, మధ్యలో లేచి వెళ్లినా ఎవరి నగా ఆగదు. ఇన్నాళ్లూ ఇవన్నీ ఆ అమ్మాయి నెత్తిన ఉండేవి కదా. ఆమె క్లోజింగ్ తీసుకుంటే మీరు ఇవి తీసుకున్నట్టు. దయ చూపమని అడగడం కాదు, పని మార్చుకుంటున్నారు. బలహీనపు వారం దాటాక కీమోకు ముందు దొరికే ఆ మంచి వారం మిగతావాళ్ల సెలవులకు వదిలేయండి. "మూడో వారంలో ఎవరికైనా ఊరికి పోవాలంటే వాళ్ల కౌంటర్ నేను చూస్తా" అని మీరే ముందు చెప్పండి. తేదీలు మేనేజర్ దగ్గరా ఉండాలి. మీరు లేని గురువారం ఆయన కూడా సెలవు పెడితే రెండో తాళానికీ మనిషి ఉండడు.

మొదటి రెండు కీమోలకు మాత్రం ఈ సర్దుబాటు చాలకపోవచ్చు. జూన్, జూలై అంటే మన దగ్గర ఏరువాక రోజులు. వాన పడిందంటే వేరుశనగ విత్తనాలకు, ఎరువులకు పుస్తెలతాడు దాకా తీసుకొచ్చేస్తారు. పైగా అవే పిల్లల ఫీజుల రోజులు. కౌంటర్ ముందు జనం ఎలా ఉంటారో నాకన్నా మీకే బాగా తెలుసు. అందుకని జూన్ 18, 19 తేదీల్లో, జూలై 9, 10 తేదీల్లో ధర్మవరం నుంచో గుత్తి నుంచో ఒక మనిషిని డెప్యుటేషన్ మీద పంపమని అడగండి. "మనుషులు చాలరు సార్" అంటే ఎవరూ పంపరు, నాలుగు తేదీలు చూపిస్తే పంపే అవకాశం ఉంది.

సెలవులు ఏ ఖాతా నుంచి తీయాలన్నదీ ముందే తేల్చుకోండి. క్యాజువల్ మామూలుగా డిసెంబర్ దాటితే పోతుంది, ఎర్న్‌డ్ మిగులుతుంది. అప్పటికప్పుడు పెట్టుకోగలిగేదీ క్యాజువలే. కాబట్టి తెలిసిన రోజులకు ఎర్న్‌డ్, ఉన్నట్టుండి వచ్చే రోజులకు క్యాజువల్ వాడటం మేలు. ఒక మెలిక ఉంది. చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్లో ఎర్న్‌డ్ లీవు అర రోజు పెట్టనివ్వదు. మీ దాంట్లోనూ అంతే అయితే ఎనిమిది బుధవారాల అర పూటలు క్యాజువల్‌లో పోతాయి, అంటే 4. గురు, శుక్రవారాలకు ఎర్న్‌డ్ 16. అప్పుడు చేతిలో మిగిలేది 6 ఎర్న్‌డ్, 3 క్యాజువల్, మొత్తం 9 రోజులు. జ్వరాలకు, టెస్టులకు ఈ తొమ్మిదే. ఒక్కసారి ఆసుపత్రిలో చేరితేనే నాలుగైదు రోజులు పోతాయి. అందుకని తొమ్మిది దాటితే జీతం లేని సెలవు ఇస్తామని ఇప్పుడే రాయించుకోండి. ముందే ఒప్పుకున్న జీతం లేని సెలవు వేరు, చెప్పకుండా రాకపోవడం వేరు. రెండింటికీ జీతం పోతుంది, రెండోదానికి మెమో కూడా వస్తుంది.

డాక్టర్‌ను ఒక మాట అడిగి చూడండి, శనివారం కీమో ఇస్తారేమో. శుక్రవారం అర పూట, శనివారం ఒక రోజు, ఆదివారం ఇంటికి. ఎనిమిదింటికి 20 కాదు, 12 రోజులే పోతాయి. అలాగని వెంటనే ఒప్పుకోకండి. మందు ఎక్కాక మనిషి బాగా నీరసపడేది రెండో రోజు, మూడో రోజు. ఆ మూడో రోజు సోమవారం అవుతుంది, మీరు ఆఫీసులో ఉంటారు. అత్తగారో వదినగారో ఇంట్లో ఉండగలిగితేనే ఆ ఎనిమిది రోజుల మిగులు మీకు లాభం. శనివారమే ఖాయమైతే తేదీలన్నిటికీ రెండేసి రోజులు కలుపుకుని క్యాలెండర్ మళ్లీ వేయండి.

ఇక మెయిల్. ఆఫీసులో ఇంగ్లీషులోనే రాస్తారనుకోండి, సారం మాత్రం ఇలా ఉండాలి. మేనేజర్‌కు పంపి, రీజినల్ హెచ్‌ఆర్‌ను కాపీలో పెట్టండి.

"సార్, నా భార్యకు జూన్ 18 నుంచి నవంబర్ 12 వరకు 21 రోజులకోసారి, మొత్తం 8 విడతల చికిత్స బెంగళూరులో జరుగుతుంది. ఆమె వెంట నేనుండాలని ఆసుపత్రి ఇచ్చిన లేఖ జతచేశాను. ప్రతి విడతకు బుధవారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం వరకు సెలవు కావాలి, తేదీలు కింద ఇచ్చాను. ఇవి కాక ప్రతి విడత తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య అత్యవసరంగా వెళ్లాల్సి రావచ్చు. అలాంటివి మొత్తం 9 రోజులు దాటితే జీతం లేని సెలవుగా మంజూరు చేయమని కోరుతున్నాను. ఈ కారణంగా జూన్ 15 నుంచి నవంబర్ 30 వరకు స్ట్రాంగ్ రూమ్ తాళం, అప్రూవల్ అధికారం, నెలాఖరు క్లోజింగ్ సీనియర్ కౌంటర్ ఎగ్జిక్యూటివ్‌కు రాతపూర్వకంగా బదలాయించండి. ఆమె చూస్తున్న నోటీసులు, కేవైసీ, వడ్డీ ఫాలోఅప్ నేను తీసుకుంటాను. డిసెంబర్ 1 నుంచి నా బాధ్యతలు నాకు తిరిగి వస్తాయని ధ్రువీకరించగలరు. రక్తపరీక్షను బట్టి తేదీ మారితే తెలిసిన రోజే కొత్త తేదీలు పంపుతాను."

ఆ చివరి వాక్యం వదిలేయకండి. ప్రతి కీమోకు ముందు రక్తపరీక్ష చేస్తారు. కణాలు సరిపోకపోతే ఒక వారం వాయిదా వేస్తారు. ఒక్కటి జరిగితే వెనకున్నవన్నీ జరుగుతాయి, నవంబర్ 12 కాస్తా 19 అవుతుంది. ఆ పరీక్షను రెండు రోజుల ముందే అనంతపురంలో చేయించి రిపోర్టు బెంగళూరుకు పంపితే చాలునేమో అడగండి. చాలంటే బుధవారం బయలుదేరక ముందే వాయిదా సంగతి తెలుస్తుంది, ఒక ప్రయాణం, రెండున్నర రోజుల సెలవు మిగులుతాయి. నాలుగో కీమో తర్వాత మందు మారుస్తారేమో కూడా కనుక్కోండి. మారితే జ్వరం భయం ఉండే రోజులూ, నీరసం తీరూ మారొచ్చు. ఆగస్టు చివర్లో ఇంకో మెయిల్ రాయాల్సి ఉంటుంది.

ఆసుపత్రి లేఖ గురించి. మీ భార్య కోరిక న్యాయమైనదే, తీర్చడం కష్టమూ కాదు. ఆ లేఖలో జబ్బు పేరు ఉండాల్సిన పని లేదు. ఎన్ని విడతలు, ఎన్ని రోజులకోసారి, వెంట మనిషి ఉండాలా, మధ్యలో అత్యవసరంగా రావాల్సి ఉంటుందా అన్న నాలుగు సంగతులు చాలు. రాసేటప్పుడే డాక్టర్‌కు చెప్పండి, లేకపోతే డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్ చేతిలో పెడతారు, అందులో సమస్తం ఉంటుంది. దాన్ని మెయిల్‌కు జత చేశారంటే రీజినల్ ఆఫీసులో ఎంతమంది తెరుస్తారో మీకు తెలియదు. జబ్బు పేరు మేనేజర్‌కు నోటితో చెప్పాలా వద్దా అన్నది మీ భార్యను అడిగి తేల్చుకోండి. కౌంటర్ అమ్మాయికి "ఇంట్లో చికిత్స ఉంది, అయిదు నెలలు పడుతుంది" అంటే సరిపోతుంది. ఆమెకు మీరు చెప్పాల్సింది ఇంకొకటుంది. పాస్‌వర్డ్ ఇచ్చి ఇబ్బంది పెట్టానని ఒప్పుకోండి. అది మెయిల్లో కాదు, ఎదురుగా.

జూన్ 18కి ముందు ఒక రోజు ఉత్తుత్తి సెలవు పెట్టి చూడండి. ఆర్డర్ వచ్చాక మామూలు పనిదినం చూసుకుని, ఉదయం తెరిచినప్పటి నుంచి సాయంత్రం గది మూసేదాకా ముందు బెంచీ మీద కస్టమర్లలా కూర్చోండి. దేన్నీ ముట్టుకోవద్దు. మిమ్మల్ని ఎన్నిసార్లు పిలుస్తారో, ఎందుకు పిలుస్తారో కాగితం మీద రాసుకోండి. నేనలా చేసినప్పుడు పదకొండు పిలుపులొచ్చాయి. అందులో ఏడు ఏ ఫైలు ఎక్కడుందన్నవే. పాత లోన్ల రెన్యువల్ ఎలా చేయాలో నాకు తప్ప ఎవరికీ రాదని ఆ రోజే తెలిసింది. లేకపోతే ఆ ఫోన్లన్నీ డయాలసిస్ మిషన్ పక్కన వచ్చేవి. ఫోన్లకు కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. కీమో రోజు ఒంటిగంటకు ఒకసారి, అయిదింటికి ఒకసారి మీరే చేస్తానని చెప్పండి. మధ్యలో వాళ్లు చేయాల్సింది స్ట్రాంగ్ రూమ్‌కు సంబంధించి ఏదైనా తేడా వస్తేనే. ఓటీపీ చెప్పమని ఎవరు అడిగినా, ఆఖరికి మేనేజర్ అడిగినా చెప్పకండి. ఓటీపీ అవసరమైందంటే మీ అధికారం ఇంకా పూర్తిగా బదలాయించలేదని అర్థం. అది రీజినల్ ఆఫీసు సరిచేయాలి.

ఒప్పుకోకపోతే? మొత్తానికి కాదనరు గానీ, "తాళం మార్చడం కుదరదు, మీరే సర్దుకోండి" అనే అవకాశం ఉంది. అప్పుడు ఈ అయిదు నెలలకు మిమ్మల్నే తాళం లేని సీటుకు మార్చమని అడగండి. అదే బ్రాంచిలో కౌంటర్ కావచ్చు, ఏరియా ఆఫీసులో వసూళ్ల ఫాలోఅప్ కావచ్చు. కాస్త చిన్నతనంగా అనిపించినా తీసుకోండి. రాజీనామా మాట మాత్రం ఎత్తకండి. కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్‌లో మీ భార్య పేరుంటే, మీ ఉద్యోగంతోపాటే ఆ కవరూ పోతుంది. ఎనిమిది కీమోల మధ్యలో కొత్త పాలసీ కొనబోతే ఉన్న జబ్బుకు వెంటనే కవర్ దొరకడం చాలా కష్టం. ఇంకా ఎంత కవర్ మిగిలిందో, జీతం లేని సెలవులో ఉన్నా అది కొనసాగుతుందో లేదో హెచ్‌ఆర్‌ను ఈ వారమే అడిగి, జవాబు మెయిల్లో తెప్పించుకోండి.

ఆర్డర్ చేతికొచ్చిన రోజు తాళం అప్పగించేటప్పుడు హడావుడి పడొద్దు. ప్యాకెట్ల లెక్క మీరూ, ఆమే, మేనేజరూ ముగ్గురూ నిలబడి చూడండి. రిజిస్టర్లో ఆ పేజీని ఒక ఫోటో తీసి ఉంచుకోవచ్చా అని మేనేజర్‌ను అడగండి. వద్దంటే మీ డైరీలో తేదీ, టైము, ప్యాకెట్ల సంఖ్య రాసుకోండి. ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఒక డిజిటల్ థర్మామీటర్ కొనండి. ఇంట్లో పాతది ఉన్నా సరే, ఇది మీ భార్య మంచం పక్కనే ఉండాలి. మీరు ఆఫీసులో ఉండే బలహీనపు వారంలో ఉదయం పదింటికి, మధ్యాహ్నం రెండింటికి చూసి నంబరు మీ ఫోన్‌కు మెసేజ్ పెట్టమనండి. మధ్యలో ఒళ్లు వెచ్చగా, వణుకుగా అనిపిస్తే ఆ టైముల కోసం ఆగకుండా అప్పుడే చూసి ఫోన్ చేయమనండి.